‘ఇటు చూడండి’ అననివాడు తన గురించి ఏం రాసుకోవాలి?

ఇప్పుడు మన పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాళ్ళు రెండు జట్లుగా వస్తున్నారు. మండపానికి ఎదురుగా లైట్లు పెట్టుకుని ‘బాబూ ఇటు చూడండి, అమ్మా కొంచెం తల ఎత్తండి, పెద్దాయన కాస్త పక్కకి జరగాలి’ అనేవాళ్ళు ట్రెడిషనల్ జట్టు. స్తంభం పక్కనో, పంతులుగారి వెనకాలో నిలబడి ఎవరితోనూ మాట్లాడకుండా తమ పని తాము చేసుకుపోయే ఒకరిద్దరు క్యాండిడ్ జట్టు. బేరం దగ్గర కూడా ఈ రెండూ వేరువేరు పద్దులే. ట్రెడిషనల్‌కి ఇంత, క్యాండిడ్‌కి ఇంత అని విడివిడిగా రాసిస్తారు.

పని తీరులో ఇంత తేడా ఉన్న ఈ రెండు జట్లూ తమ గురించి రాసుకునే దగ్గరికి వచ్చేసరికి ఒక్కలాగే మాట్లాడతాయి. విజిటింగ్ కార్డు మీద పేరు కింద ఉండే ఒక్క లైను, అదే ట్యాగ్‌లైన్, ఎక్కడ చూసినా ‘మధుర క్షణాలు మీవి, బంధించడం మా వంతు’ తరహాలోనే ఉంటుంది. ‘మా గురించి’ అనే పేరా చదివితే ఆయన పోజులు పెట్టించేవాడో, పెట్టించనివాడో తెలియదు. క్యాండిడ్ ఫొటోగ్రాఫర్‌కి ఇది పెద్ద నష్టమే. ఆయన అమ్మే సరుకులో సగం ఆయన చేయని పనే. పెళ్ళివాళ్ళను ఆపడు, నిలబెట్టడు, నవ్వమనడు, మళ్ళీ చేయమనడు. చేయని పని ఫొటోలో కనబడదు కాబట్టి దాన్ని మాటల్లోనే చెప్పుకోవాలి.

ఒక మనిషిని ఊహించుకుని ఈ రెంటినీ మొదటి నుంచి రాసి చూద్దాం. రాజమండ్రి వాడు, ముప్పై దాటాయి. గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళు చేస్తాడు, అప్పుడప్పుడు విజయవాడ, హైదరాబాద్ వెళ్తాడు. వెంట ఒక సహాయకుడు ఉంటాడు. పని మంచిదే, చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. తన గురించి తాను రాసుకున్నది మాత్రం ఇలా ఉంది:

“మీ జీవితంలోని మధుర క్షణాలను మా కెమెరా కన్నుతో బంధించి, కలకాలం నిలిచే జ్ఞాపకాలుగా మలచడమే మా లక్ష్యం. అత్యాధునిక పరికరాలతో, అనుభవజ్ఞులైన బృందంతో మీ పెళ్ళిని ఒక అందమైన ప్రేమకథగా తీర్చిదిద్దుతాం. ఫొటోగ్రఫీ మాకు వృత్తి కాదు, ప్రాణం.”

తప్పులేమీ లేవు. కానీ ఇందులో ఆయన ఎక్కడున్నాడు? ఈ పేరాను అదే వీధిలోని ట్రెడిషనల్ స్టూడియోవాళ్ళు తమ పేరు పెట్టుకుని వాడుకోవచ్చు. ‘కెమెరా కన్ను’ తీసేస్తే ఫంక్షన్ హాలు వాళ్ళకూ సరిపోతుంది. ఇంకో ఇబ్బంది లోపల దాక్కుని ఉంది. ‘మలచడం’, ‘తీర్చిదిద్దడం’ ఈయన చేయని పనులు. తీర్చిదిద్దేది పోజు పెట్టించేవాడు. చీర కుచ్చిళ్ళు సర్దించి, గడ్డం కింద వేలు పెట్టించి, వెలుతురు పడేచోట నిలబెట్టి తీయడం కూడా ఒక విద్యే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఈయన అందుకు ఎదురు దారిలో నడిచేవాడు. తన పనిని తానే తలకిందులుగా రాసుకున్నాడు. ఇక ‘బంధించడం’ అన్న మాట ఈ వృత్తిలో ఎంత అరిగిపోయిందంటే, చదివేవాళ్ళ కన్ను దాని మీద ఆగనే ఆగదు.

ట్యాగ్‌లైన్ అంటే పొగడ్త అనుకోవడంతో ఈ చిక్కు మొదలవుతుంది. ఫొటోగ్రఫీ చరిత్రలో పేరుమోసిన ట్యాగ్‌లైన్‌లో పొగడ్త లేదు. 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చినప్పుడు ప్రకటనలో చెప్పిన మాట తెలుగులో చెప్పాలంటే ఇది: ‘మీరు మీట నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం’. అందమైన ఫొటోలనీ, గొప్ప కెమెరా అనీ అనలేదు. ఎవరి పని ఏదో చెప్పింది. అంతకుముందు ఫొటో తీయడమంటే మందులు, ప్లేట్లు, చీకటి గది. ఆ కెమెరాలో వంద ఫొటోల ఫిల్ము ముందే చుట్టి ఉండేది. అయిపోయాక కెమెరా మొత్తాన్ని కంపెనీకి పంపితే, ఫొటోలు కడిగి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవారు. ఆ ఏర్పాటు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. కొనేవాడికి ‘నేనేం చేయాలి, నువ్వేం చేస్తావు’ అన్న ప్రశ్నకు జవాబు దొరికింది.

క్యాండిడ్ పెళ్ళి ఫొటోలకు పేరు తెచ్చినవాళ్ళలో ఒకరైన అమెరికన్ ఫొటోగ్రాఫర్ డెనిస్ రెగ్గీ కూడా తన గురించి ఇలాగే చెప్పుకున్నాడు. గొప్ప కళాకారుణ్ణి అనలేదు, పెళ్ళిళ్ళ ఫొటో జర్నలిస్టుని అన్నాడు. పత్రికా ఫొటోగ్రాఫర్ ఊరేగింపును ఆపి మళ్ళీ నడవమనడు కదా, నేనూ అంతే అని దాని అర్థం. 1996లో జార్జియా తీరంలోని కంబర్లండ్ దీవిలో, ఒక చిన్న చర్చిలో జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ పెళ్ళి జరిగింది. బయటికి వస్తూ వరుడు వధువు చేతిని పెదవులకు తాకించుకున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తీసింది రెగ్గీ. ఆ ఫొటో చూశాక ఆయన చెప్పుకున్న పేరుకు వివరణ అక్కర్లేకపోయింది.

మన రాజమండ్రి ఆయన దగ్గరికి వద్దాం. కాగితం ముందు కూర్చుంటే ఆయనకు మధుర క్షణాలే వస్తాయి. అదే మనిషిని టీ కొట్టు దగ్గర పని గురించి అడిగితే మాట వేరుగా ఉంటుంది.

“జీలకర్ర బెల్లం టైములో ఎక్కడ నిలబడతారు?”

“అబ్బాయి వెనకాల, భుజం పక్కగానండీ. తెర దించేటప్పుడు అమ్మాయి కళ్ళు కావాలి కదా. ఎదురుగా ట్రెడిషనల్ వాళ్ళు ఎలాగూ ఉంటారు, వాళ్ళకి అడ్డం రాకూడదు. పంతులుగారితో ముందే ఒక మాట చెప్పుకుంటాను.”

“అప్పుడు అమ్మాయి చూడకపోతే?”

“చూడదండీ చాలాసార్లు. సిగ్గుపడి కిందికే చూస్తుంది. అదీ ఫొటోయే.”

“నవ్వమని అడగరా?”

“అడిగితే ఇంక నేనెందుకండీ. నవ్వినప్పుడు తీస్తాను.”

ఈ మూడు జవాబుల్లో కావలసినదంతా ఉంది. ఏ చోట నిలబడతాడో, ఎవరికి అడ్డం రాడో, అనుకున్నది జరక్కపోతే ఏం చేస్తాడో అన్నీ చెప్పాడు. క్యాండిడ్ ఫొటోగ్రాఫర్ తన గురించి రాసుకోవడానికి నాకు తెలిసిన దగ్గరి దారి ఇదే. ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని ముహూర్తం నాటి పని గురించి చెప్పాలి. అవతలివాళ్ళు రాసుకోవాలి. తానే రాసుకోబోతే కలం పట్టగానే భాష మారిపోతుంది.

ముందు ట్యాగ్‌లైన్. ఆయన పనికి మొదట తోచేది ‘ఇటు చూడండి అనని ఫొటోగ్రాఫర్’. చురుగ్గా ఉంది. ఆ మాట విననివాళ్ళు తెలుగునాట ఉండరు కాబట్టి చదవగానే పెదవి మీద నవ్వు వస్తుంది, మనిషి ఏ తరహావాడో తెలిసిపోతుంది. అయినా నేను దీన్ని పక్కన పెడతాను. ‘ఇటు చూడండి’ అనేవాళ్ళు అదే మండపంలో ఆయనకు అడుగు దూరంలో ఉంటారు. వాళ్ళ లైట్ల వెలుతురు ఈయనకూ కావాలి. చాలాచోట్ల క్యాండిడ్ పని ఇప్పించేది కూడా ట్రెడిషనల్ స్టూడియోవాళ్ళే, మొత్తం పెళ్ళి వాళ్ళు ఒప్పుకుని ఇది ఈయనకు అప్పజెబుతారు. కార్డు మీద వాళ్ళను వెక్కిరించి, మండపంలో ‘అన్నా, కాస్త లైటు ఇటు తిప్పవా’ అని అడగడం కుదరదు. పైగా ఆ లైను తాను చేయనిదే చెబుతోంది, చేసేది చెప్పడం లేదు.

కొడాక్ దారిలో ‘మీరు పెళ్ళి చేసుకోండి, ఫొటోల సంగతి నేను చూసుకుంటా’ అనవచ్చు. ఇంటి మనిషి భరోసా ఇచ్చినట్టు ఉంది. కానీ ఇది ఎదురుగా నిలబడి తీసే ఆయన కూడా చెప్పగలిగిన మాటే. పేరు మార్చి ఇంకొకరు వాడుకోగలిగితే ఆ లైను మనది కాదు. ఇంతకంటే కఠినమైన పరీక్ష ట్యాగ్‌లైన్‌కి అక్కర్లేదు.

మిగిలింది ఆయన నోటి నుంచే వచ్చిన మాట. కాస్త సరిచేస్తే: “నవ్వమని అడగను. నవ్వినప్పుడు తీస్తాను.” మొదటి సగం చేయని పని, రెండో సగం చేసే పని. ఇందులో ఎవరి మీదా వెక్కిరింత లేదు. పోజు పెట్టించే ఆయన దీన్ని వాడుకోలేడు, వాడితే మొదటి పెళ్ళిలోనే దొరికిపోతాడు. ‘నవ్వమనను’ అని ఇంకా కుదించవచ్చు గానీ పైకి చదివితే నాలుక తడబడుతుంది. ఫోన్‌లో చెబితే అవతల పెద్దావిడ ‘ఏంటీ?’ అంటుంది. అందుకని ‘అడగను’ ఉండనిద్దాం. పెళ్ళిలో నవ్వులేనా, ఏడుపులు ఉండవా అని ఎవరైనా అడగవచ్చు. ఉంటాయి. అప్పగింతలు లేకుండా మన పెళ్ళే లేదు. అన్నీ ఒక్క లైనులో కుక్కితే అది లైనుగా మిగలదు, ఆ సంగతులకు పేరా ఉంది.

పేరా మొదలుపెట్టే ముందు దాన్ని చదివేది ఎవరో తెలుసుకోవాలి. ఫొటోగ్రాఫర్‌ని ఎంచేది సాధారణంగా అమ్మాయో అబ్బాయో. వాళ్ళు డాలస్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఫొటోలు చూసి, నచ్చితే ఆ పేజీని ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. అక్కడ దాన్ని చదివేది నాన్న, మేనమామ, పెళ్ళి పనులు నెత్తిన వేసుకున్న పెద్దక్క. డబ్బు కట్టేది, ఆల్బం చేతికొచ్చాక లెక్క చూసేది వీళ్ళే. అమ్మాయికి కావలసింది తన పెళ్ళిని షూటింగు చేయకుండా ఉండే మనిషి. నాన్నకు కావలసింది పెదనాన్న ఫొటో. ఒకరికి రాసి రెండోవారిని వదిలేస్తే తగాదా ఆల్బం దగ్గర తేలుతుంది.

ఆ తగాదా ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. మూడు వందల ఫొటోలు వస్తాయి. అమ్మాయి ఒక్కొక్కటీ చూస్తూ మురిసిపోతుంది. నాన్నగారు రెండుసార్లు తిరగేసి, “మా పెద్దన్నయ్య ఎక్కడయ్యా? అక్షింతలు వేశాడు, ఫొటో దిగాడు, నేను చూశాను” అంటారు. దిగింది ట్రెడిషనల్ కెమెరాకి. ఈయన ఆ సమయంలో భోజనాల దగ్గర, వడ్డించేవాడి చేతిలోంచి బకెట్ లాక్కుని తానే వడ్డిస్తున్న బాబాయిని తీస్తున్నాడు. రెండు పక్షాల మాటా న్యాయమే. ముందే రాసి ఉంటే సరిపోయేది.

ఇంకొకటి, నా లెక్కలో గ్రూప్ ఫొటోలకంటే ముఖ్యమైనది, మంగళసూత్రధారణ. గట్టిమేళం మోగగానే అందరూ ఒక్కసారి లేస్తారు. మూడు ముళ్ళు పడేది అరనిమిషంలో. ఆ అరనిమిషంలో ఆడపడుచు జడ పైకెత్తి పట్టుకుని వంగుతుంది, వెనక నుంచి నాలుగు చేతులు దీపం పడిపోకుండా అడ్డం వస్తాయి, గాలి నిండా అక్షింతలు, వాటి మధ్య పైకెత్తిన ఫోన్లు. ట్రెడిషనల్ ఫొటోగ్రాఫర్‌కి దీనికో ఉపాయం ఉంది. మూడో ముడి అయ్యాక “బాబూ, చేతులు అలాగే ఉంచండి, ఒక్కసారి ఇటు” అని వరుణ్ణి ఆపుతాడు. ఫొటో ఖాయం. క్యాండిడ్ వాడికి ఆ రెండో అవకాశం లేదు. ఆ అరనిమిషంలో ఎవరి వీపో అడ్డం వస్తే ఆ ఫొటో లేనట్టే. ఆయన ముందుగా చేయగలిగింది చోటు చూసుకోవడం, ఆ ఇంటి పద్ధతి ప్రకారం ఏది ఎప్పుడో పురోహితుణ్ణి కనుక్కోవడం, జడ పట్టుకునే ఆడపడుచు ఏ పక్క నిలబడుతుందో చూసి సహాయకుణ్ణి రెండో పక్క పెట్టడం. అంతవరకే. అందుకే ‘ఒక్క క్షణం కూడా వదలం’ అని రాసే క్యాండిడ్ ఫొటోగ్రాఫర్ మాట నేను నమ్మను. మేనమామలు పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొస్తుంటే అదే నిమిషంలో మండపంలో అబ్బాయి మెడ సాచి అటు చూస్తుంటాడు. ఉన్న ఒక్క మనిషి రెండుచోట్లా ఉండలేడు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని పేరా రాస్తే ఇలా వచ్చింది:

“నేను రాజమండ్రిలో ఉంటాను, గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళకు క్యాండిడ్ ఫొటోలు తీస్తాను. ముహూర్తానికి మూడు గంటల ముందే విడిదింటికి వస్తాను. జడ వేయడం అయ్యేసరికి మీ ఇంట్లోవాళ్ళు నన్ను, నా కెమెరాను మర్చిపోతారు. అక్కడి నుంచి అప్పగింతల వరకు మీ మధ్యే ఉంటాను. ఎవరినీ ఆపను, ఏదీ మళ్ళీ చేయమని అడగను. అందువల్ల దొరికేవి కొన్ని ఉన్నాయి: తెర దిగినప్పుడు పెళ్ళికూతురి చూపు, అల్లుడి కాళ్ళు కడిగి లేచిన నాన్నగారి ముఖం, బంతిలో అత్తయ్యల ముచ్చట్లు. దొరకనివి కూడా ఒకటో రెండో ఉంటాయి, తాళి కట్టేవేళ ఎవరైనా అడ్డం వస్తే పక్కకి జరగమనను. వేదిక మీద బంధువులందరి ఫొటోలకు వేరే ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకోండి, వాళ్ళకు అడ్డం రాకుండా పనిచేయడం నాకు అలవాటే. మీ దగ్గరివాళ్ళతో మాత్రం ఒక అరగంట కూర్చోబెట్టి గ్రూప్ ఫొటోలు నేనే తీస్తాను, ఆ పేర్లు ముందురోజు రాసివ్వండి. మీ పెళ్ళికి నేనే వస్తాను, నాతో ఒక సహాయకుడు ఉంటాడు.”

నిడివి ఫోన్ తెర మీద ఒక్కసారి వేలితో జరిపితే అయిపోయేంత. ఇందులో కొన్ని మాటలు ఎందుకు ఉన్నాయో చెప్పాలి.

‘మూడు గంటల ముందే’ అన్నది సమయపాలన గురించి గొప్ప చెప్పుకోవడం కాదు. కొత్త మనిషి కెమెరాతో గదిలోకి వస్తే అందరూ కొంగులు సర్దుకుంటారు, కడుపులు లోపలికి లాక్కుంటారు. గంట గడిస్తే ఆ బిగువు పోతుంది. క్యాండిడ్ ఫొటోకి అసలు పెట్టుబడి ఆ గంట. ముహూర్తం వేళకు వచ్చి దిగేవాడికి దొరికేవి తనను చూస్తున్న ముఖాలే. బేరంలో ‘మూడు గంటలు తగ్గించుకుని రేటు తగ్గించు’ అని ఎవరైనా అడిగితే, దేన్ని తగ్గిస్తున్నారో ఈ వాక్యం చూపించి చెప్పవచ్చు.

‘దొరకనివి కూడా ఉంటాయి’ అన్న వాక్యం రాయడానికి మన ఫొటోగ్రాఫర్ ఒప్పుకోడు. వ్యాపారం దెబ్బతింటుందంటాడు. దీన్ని చదివి వెనక్కి తగ్గే పెళ్ళివారు ఉంటారు, నిజమే. వాళ్ళు తాళి ఫొటో ఖాయంగా కావాలనుకునేవాళ్ళు, అలా కోరుకోవడంలో తప్పు లేదు, వాళ్ళకు సరిపోయే ఫొటోగ్రాఫర్ వేరే ఉన్నాడు. వాళ్ళు ముందే తేలిపోవడం ఈయనకూ మేలే. పెళ్ళయ్యాక తేలితే చివరి వాయిదా డబ్బు దగ్గర ఆగుతుంది.

‘నేనే వస్తాను’ దగ్గర ఆగాలి. మాఘంలోనో వైశాఖంలోనో మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఒక్క ఊళ్ళోనే పదుల కొద్దీ పెళ్ళిళ్ళు జరుగుతాయి. ఒకరి ఫొటోలు చూపించి నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకుని, మూడింటికి రోజుకూలీ కుర్రాళ్ళను పంపడం ఈ వ్యాపారంలో మామూలే. పెళ్ళివారికి ఆ సంగతి మండపంలో తెలుస్తుంది, అప్పుడు చేయగలిగిందేమీ ఉండదు. అందుకే పేరా అంతా ‘నేను’లో రాయడం మంచిది. మనవాళ్ళకు ‘మేము’ అనడం మర్యాదగా తోస్తుంది, సంస్థ పెద్దదన్న గౌరవం కూడా వస్తుంది. కానీ పక్కనే మసలుతూ తీసే మనిషి ఎవరన్నది క్యాండిడ్‌లో చాలా ముఖ్యం. అలంకరణ గదిలోకి, ఏడుస్తున్న తల్లి పక్కకి వచ్చే మనిషి అతను. నిజంగా నలుగురి జట్టయితే ‘మేము’ అనే రాయాలి, ఎవరు ఏ పెళ్ళికి వస్తారో ఎప్పుడు చెబుతారో కూడా రాయాలి.

తంతుల పేర్లు ఆ ప్రాంతంలో అనే విధంగానే ఉండాలి. ఇదే పేరాను వరంగల్ ఫొటోగ్రాఫర్ రాసుకుంటే ‘ఎదురుకోళ్ళు’ రాకపోతే లోటే. రెండు పక్షాలూ ఎదురుపడి ఒకరినొకరు ఆటపట్టించుకునే ఆ సందడి క్యాండిడ్ వాడికి పండగ. అక్కడివాళ్ళు ఆ ఒక్క మాట చూసి ‘మన పద్ధతి తెలిసినవాడే’ అనుకుంటారు. ‘సంప్రదాయ వేడుకలు’ అని రాస్తే ఎవరికీ ఏమీ అనిపించదు.

చిన్నప్పుడు మామయ్య కెమెరా కొనిచ్చాడనీ, అప్పటి నుంచీ అదే లోకమనీ చెప్పే కథ ఎక్కడా రాలేదని గమనించే ఉంటారు. ఉంటే తప్పని అనను. కానీ పెళ్ళి పదిహేను రోజుల్లో పెట్టుకున్న తండ్రికి దానితో పని లేదు. కెమెరా పేరు, లెన్సుల పేర్లు కూడా అంతే. ఒక్క సందర్భంలో మాత్రం పరికరం మాట రాయవచ్చు. రాత్రి ముహూర్తాలకు ఫ్లాష్ లేకుండా తీయగలిగితే ‘కళ్ళల్లో లైటు కొట్టను’ అని చెప్పుకోవచ్చు. అది పెళ్ళివారికి తెలిసే తేడా.

ఇంత జాగ్రత్తగా రాశాక దాన్ని పాడుచేయగలిగేవి ఆ పేరా పక్కన ఉండే ఫొటోలు. ‘నవ్వమని అడగను’ అన్న లైను కింద మొదటి ఫొటోయే బీచ్‌లో గౌను తోక గాలికి ఎగరేయించి తీసిన ప్రీ వెడ్డింగ్ అయితే, చదివినవాళ్ళు ఏది నమ్మాలి? పైగా క్యాండిడ్‌లా కనబడేలా పోజు పెట్టించడం ఇప్పుడు బాగా ముదిరింది. ‘ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుని నవ్వండి, కెమెరా వైపు చూడకండి’ అంటారు. ఫొటోలో చూపు కెమెరా మీద ఉండదు కాబట్టి చూసేవాళ్ళు మోసపోతారు. దీన్ని పట్టుకోవడానికి దంపతుల ముఖాలు చూడకుండా వెనకనున్నవాళ్ళను చూడాలి. నిజమైన క్యాండిడ్‌లో వెనక ఒకాయన చెవిలో ఫోన్ పెట్టుకుని ఉంటాడు, ఒక పిల్ల గాజులు లాక్కుంటుంటుంది, పంతులుగారు కొబ్బరికాయ వెతుక్కుంటుంటారు. పోజు పెట్టించినదాంట్లో వెనక ఎవరూ ఉండరు, లేదా ఉన్నవాళ్ళందరూ ఆ ఇద్దరినే చూస్తూ నిలబడి ఉంటారు. పెళ్ళివారు ఫొటోగ్రాఫర్‌ని ఎంచేటప్పుడు ఇలా చూడటం మంచిది. ఫొటోగ్రాఫర్ తన పేజీలో మొదట పెట్టే తొమ్మిది ఫొటోలను కూడా ఈ కంటితోనే ఏరుకోవాలి. ప్రీ వెడ్డింగ్ పని చేస్తే దాచనక్కర్లేదు, వేరే చోట పెడితే చాలు.

చివరగా ఇన్‌స్టాగ్రామ్. ఈ రోజుల్లో చాలామంది మొదట చూసేది అక్కడే, అక్కడ మన గురించి రాసుకోవడానికి ఉన్న చోటు 150 అక్షరాలు. పేరా పట్టదు. తెలుగులో ఇంకో చిక్కుంది. కంటికి ‘వ్వ’ ఒక్క అక్షరం. యంత్రం లెక్కలో వ, దాని కింద పొల్లు, మళ్ళీ వ, మొత్తం మూడు. గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కకు వస్తాయి. మన ట్యాగ్‌లైన్‌లో అక్షరాలు కంటికి పదహారే. ఖాళీలు, చుక్కలు కలుపుకుని యంత్రానికి 37. కాబట్టి పేరాలోంచి తీసుకోదగినవి మూడు ముక్కలు: చేసే పని, తిరిగే ప్రాంతం, వచ్చే మనిషి.

నవ్వమని అడగను. నవ్వినప్పుడు తీస్తాను.
పెళ్ళిళ్ళకు క్యాండిడ్ ఫొటోలు
రాజమండ్రి, గోదావరి జిల్లాలు
పెళ్ళికి నేనే వస్తాను

లైను మారిన చోట్లు కూడా కలిపి లెక్కపెడితే 116 వచ్చింది. నూటపదహార్లు! కావాలని చేసింది కాదు గానీ, పెళ్ళి పనికి ఈ అంకె బాగానే ఉంది. మిగిలిన 34లో ఫోన్ నెంబరు హాయిగా పడుతుంది.